పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే సిఫార్సు లేఖ

ముందు ఒక లేఖ చూద్దాం. ఇది ఎవరిదో అసలు ఉత్తరం కాదు, ఈ వ్యాసం కోసం నేను కూర్చింది. అయినా అడ్మిషన్ కమిటీల్లోనో, ఉద్యోగాల ఎంపికలోనో కూర్చుని లేఖలు తిరగేసే అలవాటున్నవాళ్లకు దీని వాలకం కొత్తగా అనిపించదు.

"ఫలానాను మీ పరిశోధనా కోర్సుకు సిఫార్సు చేయడం నాకెంతో ఆనందంగా ఉంది. గత రెండేళ్లుగా ఆమెకు పాఠాలు చెప్పే అవకాశం నాకు కలిగింది. ఈ కాలమంతా ఆమె అసాధారణమైన మేధస్సును, తిరుగులేని నిబద్ధతను, నేర్చుకోవాలన్న తపనను నిలకడగా కనబరిచింది. సెన్సర్ల డేటాతో నీటి నాణ్యతను అంచనా వేసే ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులో 92 శాతం కచ్చితత్వం సాధించి తన సాంకేతిక ప్రతిభను చాటుకుంది. క్లిష్టమైన సమస్యలను లోతుగా విశ్లేషించి, వినూత్నమైన పరిష్కారాలు కనుగొనడం ఆమె ప్రత్యేకత. చదువుకే పరిమితం కాకుండా కాలేజీ టెక్నికల్ ఫెస్టుకు కోఆర్డినేటర్‌గా వ్యవహరించి నాయకత్వ పటిమను, జట్టు స్ఫూర్తిని, చక్కని సంభాషణా నైపుణ్యాన్ని ప్రదర్శించింది. మీ సంస్థకు ఆమె ఎంతో విలువ చేకూరుస్తుందని దృఢంగా నమ్ముతున్నాను."

తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. భాష నున్నగా ఉంది, మర్యాదగా ఉంది, అభ్యర్థికి మేలు చేసేలాగే ఉంది. ఇప్పుడు 'ఫలానా' ఉన్నచోట మీకు బాగా తెలిసిన ఒక మామూలు విద్యార్థి పేరు పెట్టండి. ప్రాజెక్టు పేరు, ఫెస్టు పేరు ఆ విద్యార్థివి పెట్టండి. లేఖ ఎక్కడా బెసకదు. ఏ వాక్యమూ 'ఇది ఇతనికి నప్పదే' అని అడ్డం తిరగదు. మంచి విద్యార్థికీ, మామూలు విద్యార్థికీ, చివరికి లేఖ రాసినాయనకు ముఖం కూడా గుర్తులేని విద్యార్థికీ ఇదే లేఖ సరిపోతుంది. ఇలాంటివి మెషీన్, అంటే ఏఐ చాట్‌బాట్, రాసినవేనా అన్న ప్రశ్న ఈ మధ్య అందరి నోటా వినిపిస్తోంది. ఆ ప్రశ్నకు నేను తర్వాత వస్తాను, ఎందుకంటే దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి.

పేరు మార్చి చూడటం అందరికీ తెలిసిన పద్ధతే. కానీ లేఖను ఒంటరిగా చదివేటప్పుడు అది చేయాలని మనకు తోచదు, ఎందుకంటే చదువుతున్నంతసేపూ లేఖ ఆ వ్యక్తికి చక్కగా అతికినట్టే ఉంటుంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన క్లాసులోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ 'ఇది నీ వ్యక్తిత్వ చిత్రణ' అంటూ ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో వాక్యాలు చాలావరకు జాతక ఫలాల పుస్తకంలోంచి ఏరినవి. సిఫార్సు లేఖ చదివే కమిటీ సభ్యుడు కూడా దాదాపు ఇదే స్థితిలో ఉంటాడు. ముందే రెజ్యూమె చూశాడు, మార్కులు చూశాడు, అభ్యర్థి మీద ఒక అభిప్రాయం ఏర్పరచుకున్నాడు. 'వినూత్నమైన పరిష్కారాలు' అన్న మాట కనబడగానే ఆ అభిప్రాయాన్ని తెచ్చి అందులో తనే నింపుకుంటాడు. లేఖ చెప్పనిది చెప్పినట్టు అనిపించేది అందుకే.

మెషీన్ ఇలా ఎందుకు రాస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ప్రొఫెసర్‌కు లేఖ అడిగినవాళ్లు పదిహేను మంది ఉన్నారు, గడువు రేపు. రెజ్యూమె తీసి చాట్‌బాట్‌లో పెట్టి 'ఈ విద్యార్థికి గట్టి సిఫార్సు లేఖ రాయి' అంటాడు. ఆ ప్రోగ్రామ్‌కు విద్యార్థి గురించి తెలిసింది ఆ రెజ్యూమె మాత్రమే. క్లాసులో ఏ బెంచీలో కూర్చునేది, ఏ ప్రశ్న అడిగేది, ఎక్కడ తడబడింది, ఇవేవీ దాని దగ్గర లేవు. చాట్‌బాట్ వెనకుండే లాంగ్వేజ్ మోడల్ చేసే పని, ఇంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోవడం. సిఫార్సు లేఖల్లో ఎక్కువగా కనిపించే మాట ఏది? అందరి లేఖల్లోనూ ఉండేదే. దానికి తోడు, మనుషులకు నచ్చే జవాబులు ఇచ్చేలా ఈ మోడళ్లకు తర్ఫీదు ఇస్తారు కాబట్టి స్వరం ఎప్పుడూ పొగడ్త వైపే మొగ్గుతుంది. చేతిలో ఉన్న వాస్తవాలు నాలుగు, నింపాల్సింది ఒక పేజీ. మిగతా చోటంతా విశేషణాలతో నిండుతుంది.

కాబట్టి ఇలాంటి లేఖకు ఒక నిర్మాణం ఉంటుంది: రెజ్యూమెలోని ఒక అంశం, దాని వెనకే దానికి తగిలించిన ఒక గుణం. ప్రాజెక్టు అనగానే సాంకేతిక ప్రతిభ, ఫెస్టు అనగానే నాయకత్వ పటిమ. దీన్ని బయటపెట్టడానికి నేను చేసే పని చాలా సాదా. లేఖను ప్రింట్ తీసుకుని, రెజ్యూమెను పక్కన పెట్టుకుని, రెండుసార్లు పెన్సిల్‌తో కొట్టేస్తాను. మొదటిసారి, రెజ్యూమెలో ఇప్పటికే ఉన్న ప్రతి వాస్తవాన్నీ కొట్టేయాలి. పై లేఖలో ప్రాజెక్టు పోయింది, 92 శాతం పోయింది, ఫెస్టు కోఆర్డినేటర్ పోయింది. రెండోసారి, ఏ అభ్యర్థి విషయంలోనైనా ఏ ప్రొఫెసరూ కాదనని మాటలన్నీ కొట్టేయాలి. 'నిబద్ధత లేదు' అని, 'నేర్చుకోవాలన్న తపన లేదు' అని సిఫార్సు లేఖలో ఎవరూ రాయరు. అందరి గురించీ అనే మాట ఎవరినీ పక్కకు తీయదు కాబట్టి దాన్ని ఉంచుకుని లాభం లేదు. మేధస్సు, నిబద్ధత, తపన, వినూత్నం, పటిమ, స్ఫూర్తి, విలువ, అన్నీ పోయాయి.

కాగితం మీద మిగిలింది ఒక్క వాక్యం: 'గత రెండేళ్లుగా ఆమెకు పాఠాలు చెప్పే అవకాశం నాకు కలిగింది.' ఆ లేఖ మనకిచ్చిన కొత్త సమాచారం అంతే.

ఇప్పుడు అదే అభ్యర్థికి, అదే ప్రాజెక్టు మీద, ల్యాబ్‌లో గైడ్ చేసినాయన రాసిన లేఖలోంచి ఒక పేరా అనుకోండి. ఇదీ నేను కూర్చిందే.

"మొదట మోడల్ కచ్చితత్వం 96 వచ్చింది. నేను సంతోషించాను, ఆమె అనుమానించింది. ఒకే రోజు తీసిన నీటి శాంపిళ్లు మోడల్‌కు నేర్పే ట్రైనింగ్ డేటాలో కొన్ని, దాన్ని పరీక్షించే టెస్టు డేటాలో కొన్ని పడ్డాయనీ, మోడల్ నీటిని కాక రోజును గుర్తుపడుతోందనీ వారం తర్వాత వచ్చి చెప్పింది. రోజులవారీగా డేటాను విడదీసి మళ్లీ నడిపితే 92కి తగ్గింది. రిపోర్టులో 92నే రాసింది. రాతపనిలో మాత్రం నెమ్మది, ఆ రిపోర్టు రెండుసార్లు గడువు దాటింది. 6 ఏళ్లలో నేను గైడ్ చేసిన 40 మందిలో, చేతికొచ్చిన మంచి ఫలితాన్ని తనంతట తానే శంకించినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు."

ఈ పేరాలో 'అసాధారణ' లేదు, 'తిరుగులేని' లేదు. రెండు లేఖల్లోనూ 92 ఉంది. మొదటి దాంట్లో అది రెజ్యూమెలోంచి ఎత్తి రాసిన అంకె. రెండో దాంట్లో ఆ అంకె అక్కడికి ఎలా వచ్చిందో ఉంది, అది రెజ్యూమెలో ఉండే అవకాశమే లేదు. ఎందుకంటే 96 నుంచి 92కి దిగానని ఎవరూ రెజ్యూమెలో రాసుకోరు. పెన్సిల్‌తో కొట్టేస్తే 92 తప్ప మిగతాదంతా నిలుస్తుంది. పేరు మార్చి చూస్తే తేడా ఇంకా స్పష్టం: డేటా విడదీయడం తెలియని విద్యార్థి పేరు అక్కడ పెట్టగానే పేరా అబద్ధమైపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది, రాసినాయన ఎక్కడ నిలబడి చూస్తున్నాడు అన్నది. 'నేను సంతోషించాను', 'వారం తర్వాత వచ్చి చెప్పింది' అన్నచోట ఆయన గదిలో ఉన్నాడు. మొదటి లేఖలో 'కనబరిచింది', 'చాటుకుంది', 'ప్రదర్శించింది' అన్న క్రియలు వరసగా ఉన్నాయి గానీ, ఎవరి ముందు కనబరిచింది, ఎప్పుడు ప్రదర్శించిందో లేదు. చూసిన మనిషే లేని దృశ్యాలవి. వరసగా కొన్ని లేఖలు చదివాక నా కళ్లు విశేషణాల మీదకు పోవడం మానేశాయి, 'నేను' ఎక్కడుందో వెతుకుతాయి. 'సిఫార్సు చేస్తున్నాను', 'నమ్ముతున్నాను' అన్న రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా 'నేను' కనబడకపోతే లేఖను పక్కకు తీస్తాను.

రెండోది, 40 మందిలో ముగ్గురో నలుగురో అన్న పోలిక. 'నా అత్యుత్తమ విద్యార్థుల్లో ఒకరు' అంటే ఎంతమందిలో, ఎన్నేళ్లలో, ఎవరెవరిలో? కింద సంఖ్య లేని పోలికకు అర్థం లేదు. చాట్‌బాట్ కూడా 'టాప్ 5 శాతం' అని రాసేస్తుంది, దానికి ఆ మాట ఇంకో విశేషణమే. అసలు పోలికలో కింది సంఖ్య ఉంటుంది, దేని విషయంలో పోలుస్తున్నారో ఉంటుంది. పై పేరాలో ఆ గైడ్ 'అన్నిట్లోనూ టాప్' అనలేదు. ఒక్క అలవాటు విషయంలో మాత్రమే ఆమెను వేరుచేశాడు. రాతపని నెమ్మది అని కూడా చెప్పాడు. మెషీన్‌ను లోపం రాయమంటే 'ఒక్కోసారి మరీ పరిపూర్ణత కోసం ప్రయత్నిస్తుంది' లాంటిది రాస్తుంది, అది లోపం వేషం వేసుకున్న పొగడ్త.

అయితే వివరం ఉంటే చాలు అసలుది అనుకోవడానికి ఇప్పుడు లేదు. ఊకదంపుడు లేఖలు పట్టుబడుతున్నాయని తెలిశాక 'ఒక నిర్దిష్టమైన సంఘటన జోడించు' అని అడగడం మొదలైంది. అడిగితే మోడల్ జోడిస్తుంది, తన దగ్గర లేకపోతే కల్పించి జోడిస్తుంది. ఆ కల్పనలు తరచూ ఇలా ఉంటాయి: "గడువుకు రెండు రోజుల ముందు టీమ్‌లో ఒకరు తప్పుకోవడంతో పని ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఫలానా ముందుకొచ్చి బాధ్యత తీసుకుని, అందరినీ ఒక్కతాటి మీదకు తెచ్చి, అనుకున్న సమయానికే పూర్తి చేయించింది. దీనివల్ల టీమ్ సామర్థ్యం 30 శాతం పెరిగింది."

తీగ లాగితే డొంక కదలాలి. ఇక్కడ కదలదు. తప్పుకున్నది ఎవరు, ఏ పని చేస్తున్నవాళ్లు? ఆగిపోయిన పని ఏమిటి? ఆమె తీసుకున్న బాధ్యత అంటే కోడ్ రాసిందా, ఫోన్లు చేసిందా, రాత్రంతా మేలుకుందా? సామర్థ్యం అంటే దేన్ని కొలిచారు, ఎవరు కొలిచారు, దేనికంటే 30 శాతం ఎక్కువ? ప్రతి ప్రశ్న దగ్గరా లేఖ మౌనంగా ఉంటుంది. కథ నడకలోనూ ఒక పోకడ ఉంది: ఆపద బయటినుంచి వస్తుంది, అభ్యర్థి ముందుకొస్తుంది, అంతా సుఖాంతం, చివర్లో ఒక రౌండ్ ఫిగర్ శాతం. నిజంగా జరిగిన సంఘటనల్లో ఇంత శుభ్రత అరుదు. వాటిలో పనికిరాని వివరం ఒకటైనా దొర్లుతుంది, ఎవరో ఒకరు తప్పు చేసి ఉంటారు, ఫలితం కొంచెం వంకరగా ఉంటుంది. 96 నుంచి 92కి దిగడం అలాంటి వంకరే. అభ్యర్థిని పొగడటానికి కల్పించేవాళ్లెవరూ అంకెను కిందికి దించరు.

ఈ లక్షణాలు కూడా రుజువులు కావు, ప్రశ్న ఎక్కడ వేయాలో చూపే గుర్తులు. మనుషులూ శుభ్రమైన కథలు చెబుతారు. ఇంటర్వ్యూ ఉంటే పని సులువు. లేఖల్లో రాసింది అభ్యర్థికి చెప్పకూడదు, చాలాచోట్ల అవి గోప్యం. కానీ 'ఆ ప్రాజెక్టులో మీరు నమ్మకుండా వదిలేసిన ఫలితం ఏదైనా ఉందా?' అని అడగడానికి ఏ అడ్డూ లేదు. పని చేసినవాళ్లు దానికి పది నిమిషాలు చెబుతారు.

ఇక మెషీన్ రాసిందా, మనిషి రాశాడా అన్న ప్రశ్న. రాసింది ఏఐయా, మనిషా అని చెప్పే డిటెక్టర్‌లో లేఖను వేసి చూస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థ స్వయంగా 2023 జనవరి 31న అలాంటి పరికరాన్ని విడుదల చేసింది. సంస్థ పరీక్షల్లోనే అది ఏఐ రాసిన ఇంగ్లిషు పాఠాల్లో 26 శాతాన్ని మాత్రమే సరిగా పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐవని తప్పుగా చెప్పింది. కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ అంకెలు చేతిలో పట్టుకుని ఒక కమిటీ ముందు పెడదాం. 200 లేఖలు వచ్చాయి, అందులో 40 పూర్తిగా మెషీన్ రాసినవి అనుకుందాం. 40లో 26 శాతం అంటే సుమారు 10 పట్టుబడతాయి, 30 తప్పించుకుంటాయి. మిగిలిన 160 మనుషులు రాసినవాటిలో 9 శాతం, అంటే సుమారు 14 మీద తప్పుడు ముద్ర పడుతుంది. ఎర్రజెండా ఎగిరిన 24లో సగానికి పైగా నిర్దోషులే.

తర్వాత వచ్చిన డిటెక్టర్లు దీనికంటే మెరుగు కావచ్చు. అయినా ఎవరి మీద తప్పుగా పడుతుందన్న సమస్య వేరే ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లను తీసుకుని, ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలు వేసి చూశారు. ఆ వ్యాసాలన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలను డిటెక్టర్లు ఏఐవన్నాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు: ఈ పరికరాల్లో చాలావాటికి ఆధారం, తర్వాతి మాట ఎంత సులువుగా ఊహించగలం అన్న లెక్క. నేర్చుకున్న భాషలో రాసేవాళ్లు తెలిసిన మాటలు, తెలిసిన పదబంధాలే జాగ్రత్తగా వాడతారు. సిఫార్సు లేఖ అసలే మూసలో నడిచే రాత. అలాంటి రాతను అలాంటివాళ్లు రాస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

కొన్ని మాటల జాబితాలు కూడా తిరుగుతుంటాయి. ఇంగ్లిషులో 'డెల్వ్', 'మెటిక్యులస్', 'కమెండబుల్', 'ఇంట్రికేట్' కనబడితే చాట్‌జీపీటీ పని అంటారు. దీనికి కొంత ఆధారం ఉంది. 2024లో వచ్చిన ఒక అధ్యయనం ఏఐ రంగంలోని కొన్ని పెద్ద సదస్సులకు వచ్చిన పరిశోధనా పత్రాల మీద తోటి పరిశోధకులు రాసిన సమీక్షలను విశ్లేషించింది. ఇలాంటి విశేషణాల వాడకం చాట్‌జీపీటీ వచ్చాక ఒక్కసారిగా పెరిగిందని, సమీక్షల పాఠంలో 6.5 నుంచి 16.9 శాతం వరకు మోడళ్లు గణనీయంగా మార్చినదో రాసినదో అయి ఉండొచ్చని తేల్చింది. గడువు దగ్గరపడ్డాక వచ్చిన సమీక్షల్లో ఈ పాలు ఎక్కువ. లేఖలు రాసేవాళ్ల పరిస్థితి కూడా సరిగ్గా అదే కదా, రేపటికి పంపాలి. కానీ ఆ లెక్క వేల సమీక్షల గుట్ట మొత్తానికి వేసింది, ఇందులో ఏ సమీక్ష ఎవరిదని అది చెప్పలేదు, చెప్పబోలేదు కూడా. గుట్ట గురించి తెలిసినదాన్ని తెచ్చి ఒక్క లేఖ మీద ముద్ర వేస్తే, చాట్‌జీపీటీ పుట్టక ముందునుంచీ 'మెటిక్యులస్' అని రాసే పాతకాలపు ప్రొఫెసర్ బలవుతాడు.

నిజం చెప్పాలంటే ఒంటరి లేఖను చూసి మెషీన్‌కూ బద్ధకస్తుడైన మనిషికీ తేడా చెప్పడం నాకు సాధ్యం కాదు, చెప్పగలనన్నవాళ్లను నేను నమ్మను. పై మొదటి లేఖ లాంటివి టైపురైటర్ల కాలంలోనూ ఉన్నాయి. ఒకే ఫైలు తెరిచి పేరు మార్చి ప్రింట్ తీసినవాళ్లు ఉన్నారు, విద్యార్థి చేతే రాయించుకుని సంతకం పెట్టినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకూ మెషీన్‌కూ ఉన్న ఉమ్మడి లక్షణం ఒకటే, అభ్యర్థి గురించి చెప్పడానికి ఏమీ లేకపోవడం. అటు తిప్పి చూస్తే, గైడ్ తన మాటల్లో 96, 92 కథ చెప్పి, ఇంగ్లిషు సరిచేయమని చాట్‌బాట్‌కు ఇచ్చి ఉండొచ్చు. ఆ లేఖను డిటెక్టర్ పట్టుకోవచ్చు, కానీ దాన్ని పక్కన పెడితే నష్టపోయేది కమిటీయే. అందుకే 'రాసింది ఎవరు' అన్నదాన్ని వదిలి, 'తెలిసి రాసిందేనా' అన్నదాన్ని పట్టుకుంటే పని జరుగుతుంది.

లేఖలు పక్కపక్కన పెడితే మాత్రం ఒంటరి లేఖ చెప్పనివి బయటపడతాయి. ఒకే ప్రొఫెసర్ ఆరుగురికి రాసి ఉంటే ఆ ఆరూ తీసి చూడండి. మొదటి, చివరి వాక్యాలు వదిలేయాలి, అవి అందరికీ ఒకేలా ఉండటం సహజం. మధ్యలో వరసగా ఐదు మాటలు అచ్చంగా కలిసేవి ఎన్ని ఉన్నాయో వెతికితే పాత ఫైలులో పేరు మార్చిన లేఖలు వెంటనే దొరుకుతాయి. మెషీన్ లేఖల్లో ఆ కలయిక తక్కువే ఉండొచ్చు, ఎందుకంటే అది ప్రతిసారీ మాటలు మారుస్తుంది. మారనిది ఎముకల గూడు: రెండో పేరాలో మేధస్సు, మూడో పేరాలో ప్రాజెక్టు, నాలుగులో నాయకత్వం, గుణాలన్నీ మూడేసి చొప్పున. ఆరుగురూ ఆ వరసలోనే గొప్పవాళ్లైతే ప్రొఫెసర్ ఒక్కరినీ చూసి రాయలేదన్నమాట. అదే, ఒకే అభ్యర్థికి ముగ్గురు రాసిన లేఖల్లో ఈ గూడు ఒకటే అయితే అనుమానం వేరే వైపు పోవాలి. ముగ్గురికీ డ్రాఫ్టులు ఇచ్చింది అభ్యర్థే అయి ఉండొచ్చు.

ఇంకొక సంగతి చాలామంది దృష్టికి రాదు. ఎవరికైనా సరిపోయే లేఖ అంటున్నాం గానీ, ఖాళీని నింపేటప్పుడు మోడల్ పేరును చూస్తుంది. 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు పేరు, కొద్దిపాటి వివరాలు మాత్రం మార్చి మోడళ్ల చేత సిఫార్సు లేఖలు రాయించి పోల్చారు. ఆడ పేరున్న లేఖల్లో ఆప్యాయత, కలుపుగోలుతనం వైపు, మగ పేరున్న లేఖల్లో నాయకత్వం, ఆదర్శం వైపు భాష మొగ్గింది. మనుషుల లేఖల్లో ఈ జాడ్యం ఉన్నట్టు అంతకు ముందే తెలుసు. 2003లో అచ్చయిన ఒక అధ్యయనం అమెరికాలోని ఒక వైద్య కళాశాల అధ్యాపకుల కోసం వచ్చిన 300కి పైగా లేఖలు చదివి, మహిళల లేఖలు పొట్టిగా ఉన్నాయని, సందేహం రేపే వాక్యాలు వాటిలోనే ఎక్కువని చూపింది. వాస్తవాలు లేని చోట లోకరివాజు వచ్చి కూర్చుంటుంది. కనుక వట్టి లేఖను 'ఏదో మంచిమాటే కదా' అని సగం మార్కులు వేసి లెక్కలో కలపడం కూడా నిష్పక్షపాతం కాదు. ఒకమ్మాయి 'స్నేహశీలి', ఒకబ్బాయి 'దార్శనికుడు' అయింది వాళ్ల పనిని బట్టి కాకపోవచ్చు.

మరి వట్టిదని తేలిన లేఖను ఏం చేయాలి? నా లెక్కలో దానికి సున్నా వేయాలి, మైనస్ వేయకూడదు. చాలాచోట్ల అభ్యర్థి ఆ లేఖను చూడనే లేదు. అమెరికన్ యూనివర్సిటీల దరఖాస్తుల్లో, లేఖను తర్వాత చూసుకునే హక్కును వదులుకుంటున్నానని సంతకం పెట్టే గడే ఉంటుంది. తను చూడని, తను రాయని కాగితానికి అభ్యర్థిని శిక్షించడం ఏం న్యాయం? సున్నా వేశాక ఆ అభ్యర్థి గురించి మన దగ్గర సమాచారం తక్కువైంది కాబట్టి ఇంకెక్కడినుంచైనా తెచ్చుకోవాలి.

సులువైన దారి, రాసినవాళ్లనే అడగడం. తుది జాబితాలో ఉన్నవాళ్ల విషయంలో మాత్రమే ఇది చేయగలం, 200 మందికి ఎవరూ చేయలేరు. మూడు ప్రశ్నలు చాలు. ఆమె చేసిన పనుల్లో మీరు స్వయంగా చూసింది ఒకటి చెప్పండి. ఆమె ఎక్కడ ఆగిపోయింది, అప్పుడు ఏం చేసింది? మీరు ఆమెను ఎంతమందితో పోల్చి చెబుతున్నారు? ఈమెయిల్‌లో అడిగితే జవాబు కూడా అదే చాట్‌బాట్ నుంచి రావచ్చు, అందుకని ఫోనే మేలు. తెలిసినవాళ్లు మొదటి ప్రశ్నకే ఎక్కడెక్కడికో వెళ్లిపోతారు, వాళ్లను ఆపడమే కష్టం. తెలియనివాళ్లు లేఖలోని విశేషణాలనే మళ్లీ చెబుతారు. కొందరు నిజాయితీగా 'క్లాసులో ఎనభై మంది, నాకు మార్కులు తప్ప గుర్తులేదండీ' అంటారు. అదీ పనికొచ్చే జవాబే, ఇంకొకరిని అడగాలని తెలుస్తుంది. ఫోన్ ఎత్తనివాళ్ల విషయంలో మాత్రం లేఖ విలువ ముందు వేసిన సున్నా దగ్గరే ఉంటుంది, అక్కడినుంచి ఊహాగానాలకు పోకూడదు.

అడిగే తీరునే మార్చిన రంగాలూ ఉన్నాయి. అమెరికాలో అత్యవసర వైద్యంలో స్పెషలైజేషన్‌కు దరఖాస్తు చేసే వైద్య విద్యార్థుల కోసం 1990ల నుంచి ఒక ప్రామాణిక ఫారం వాడుతున్నారు. పేజీ నిండా పొగిడే చోటు తక్కువ. అభ్యర్థిని తోటివాళ్లతో పోల్చి ఏ మూడోవంతులో పెడతారో టిక్కు పెట్టాలి, నిరుడు ఇదే ఫారంలో ఏ గడిలో ఎంతమందిని పెట్టారో కూడా రాయాలి. ఈ రెండో ప్రశ్నే అసలైంది, పోలిక కింద ఉండాల్సిన సంఖ్యను అది రాసేవాళ్ల చేతే బయటపెట్టిస్తుంది. అలాగని జబ్బు పూర్తిగా నయం కాలేదు. అక్కడా కింది గడుల్లో టిక్కు పెట్టడానికి ఎవరికీ చెయ్యి రావట్లేదని, చాలామంది పై గడుల్లోనే గుమిగూడుతున్నారని ఆ రంగంవాళ్లే అంటున్నారు. తేడా ఏమిటంటే, ఒక గైడ్ నిరుడు 20 మందికి రాసి 18 మందిని పై గడిలో పెట్టాడని ఫారం మీదే కనిపిస్తుంది. ఈ ఏడాది ఆయన పెట్టిన టిక్కుకు ఎంత విలువ ఇవ్వాలో చదివేవాళ్లు దాన్నిబట్టి తగ్గించుకోవచ్చు.